ఐదుగురున్న ట్రస్టు: పాత పేపర్లు, పాత పుస్తకాలు, పుట్టినరోజులు

చిన్న స్వచ్ఛంద సంస్థ నిధుల కోసం కార్యక్రమం పెట్టాలనుకోగానే ముందుగా తట్టేది సంగీత విభావరి. పనిచేసేవాళ్ళు ఐదుగురే ఉండి, ఖాతాలో పెద్దగా డబ్బు లేని సంస్థకు అంతకంటే ప్రమాదకరమైన ఆలోచన మరొకటి లేదు. ఒక చిన్న పట్టణంలో హాలు అద్దె 15 వేలు, మైకులు, లైట్లు 12 వేలు, పాడేవాళ్ళ రానుపోను ఖర్చులు, భోజనాలు 10 వేలు, టికెట్ల అచ్చు, బ్యానర్లు 3 వేలు అనుకుందాం. మొదటి పాట మొదలుకాకముందే 40 వేలు ఖర్చవుతుంది. టికెట్ 200 రూపాయలైతే 200 టికెట్లు అమ్మితే తప్ప ఆ డబ్బు వెనక్కి రాదు. మూడు వందలు అమ్మితే 20 వేలు మిగులుతుంది. ఆ రోజు వాన పడో, క్రికెట్ మ్యాచ్ ఉండో టికెట్లు 150 దగ్గర ఆగిపోతే పది వేల నష్టం సంస్థ నెత్తిన పడుతుంది. బాగా జరిగిన పక్షంలో కూడా టికెట్లు పట్టుకుని తిరగడానికి, ఏర్పాట్లకు ఐదుగురికీ కలిపి 150 గంటలు సులువుగా పడుతుంది. అంటే గంట శ్రమకు మిగిలింది 130 రూపాయల చిల్లర.

అందుకే ఇలాంటి సంస్థ ఏ ఆలోచననైనా రెండు ప్రశ్నలతో తూచుకోవాలి. ఎవరూ రాకపోతే ఎంత పోతుంది? ఒక మనిషి గంటసేపు పనిచేస్తే ఎంత మిగులుతుంది? మొదటి ప్రశ్నకు జవాబు వందల్లో ఉండాలి, వేలల్లో కాదు. ఈ పరీక్షకు బాగా నిలిచేది, చూడ్డానికి ఏమాత్రం ఆర్భాటం లేనిది, పాత పేపర్ల సేకరణ. దానికి పాత పుస్తకాల అమ్మకం జోడిస్తే ఒక్క ఆదివారంలో రెండు పనులూ అయిపోతాయి.

120 ఫ్లాట్లున్న ఒక అపార్ట్‌మెంట్‌లో ఇది ఎలా నడుస్తుందో చూద్దాం. అసోసియేషన్ అనుమతి తీసుకున్నాక, పది రోజుల ముందు లిఫ్టు పక్కన ఒక కాగితం అంటించి, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం పెట్టించాలి. అందులో ఏం తీసుకుంటారో, ఏం తీసుకోరో స్పష్టంగా ఉండాలి. పేపర్లు, పత్రికలు, అట్టపెట్టెలు, కథల పుస్తకాలు, నవలలు, పాఠ్యపుస్తకాలు కావాలి. బట్టలు, విరిగిన బొమ్మలు, పాడైన మిక్సీలు వద్దు. ఈ రెండో మాట రాయకపోతే మధ్యాహ్నానికి సెల్లారులో ఎవరికీ అక్కరలేని సామాను గుట్ట పడుతుంది, దాన్ని వదిలించుకోవడానికి ఎదురు డబ్బు ఇవ్వాల్సి వస్తుంది.

రోజు ఎంచుకోవడంలోనే సగం ఫలితం ఉంది. సంక్రాంతికి, ఉగాదికి ముందు ఇళ్ళలో బూజులు దులిపి అటకలు ఖాళీ చేస్తారు. అప్పుడు అడిగితే ఇచ్చేవాళ్ళు ఉపకారం చేస్తున్నట్టు కాదు, పొందుతున్నట్టు భావిస్తారు. పాఠ్యపుస్తకాలకైతే బడులు తెరవబోయే ముందు, జూన్ మొదటి వారం మంచిది. వానాకాలం మధ్యలో మాత్రం పెట్టకూడదు. తడి తగిలిన కాగితానికి పాత పేపర్ల వ్యాపారి తరుగు తీస్తాడు, అది న్యాయం కూడా.

దినపత్రిక తెప్పించుకునే ఇల్లు నెలకు సుమారు మూడు మూడున్నర కిలోల కాగితం పోగేస్తుంది. ఇప్పుడు చాలా ఇళ్ళకు పేపరు రావడం మానేసింది కాబట్టి 120లో 50 ఇళ్ళు రెండు నెలల పేపర్లు ఇస్తాయని తక్కువగానే అనుకుందాం. ఇంటికి ఏడు కిలోల చొప్పున 350 కిలోలు. ధర ఊరిని బట్టి, నెలను బట్టి మారుతుంది. కిలో 12 రూపాయలు వేసుకుంటే 4,200. ఈ మొత్తం నిలబడాలంటే ముందే ఇద్దరు ముగ్గురు వ్యాపారుల దగ్గర ధర కనుక్కుని, పేపరుకు, పత్రికలకు, అట్టకు విడివిడిగా మాట్లాడుకోవాలి. అన్నీ కలిపి ఒకే ధర అంటే అది అట్ట ధరే అవుతుంది.

అసలు నష్టం జరిగేది కాటా దగ్గర. వేలాడదీసే స్ప్రింగు కాటాలో ఒక్కో కట్టకు అరకిలో తేడా వస్తే 350 కిలోల మీద ఎంత పోయిందో ఎవరికీ తెలియదు. దీనికి విరుగుడు తేలిక. ఎవరింట్లోనైనా సీలు విప్పని 25 కిలోల బియ్యం బస్తా ఉంటే ముందు దాన్ని వ్యాపారి కాటా మీద పెట్టి చూడాలి. అది 23 చూపిస్తే మాట పెరగకుండానే విషయం తేలిపోతుంది. కట్టలను పురికొసతో ఇంచుమించు ఒకే ఎత్తుకు కట్టుకుని, ఒక కట్టను ఇంటి కాటా మీద తూచుకుంటే మొత్తం ఎంత రావాలో ముందే అంచనా ఉంటుంది. ట్రాలీ ఆటో మధ్యాహ్నం పన్నెండింటికి రావాలని చెప్పి, రాకపోతే పిలవడానికి రెండో వ్యాపారి నంబరు దగ్గర పెట్టుకోవాలి. నిల్వ చేసే చోటు లేని సంస్థకు ఆ సరుకు సాయంత్రానికి కదలకపోవడమే పెద్ద తలనొప్పి.

పుస్తకాల పని ఇంకాస్త ఓపిక కోరుతుంది, ఫలితమూ అలాగే ఉంటుంది. ఇంటికి ఆరు చొప్పున 300 పుస్తకాలు వచ్చాయనుకుందాం. ఒక్కో పుస్తకానికి ధర రాస్తూ కూర్చుంటే ఐదుగురి పొద్దూ దానికే సరిపోతుంది. మూడు బల్లలు వేసి 20, 50, 100 అని మూడు అట్టలు పెడితే చాలు. యండమూరి, యద్దనపూడి నవలలు, పిల్లల బొమ్మల పుస్తకాలు, పోటీ పరీక్షల గైడ్లు ముందు పోతాయి. గైడ్లు, పాఠ్యపుస్తకాల విషయంలో ముద్రణ సంవత్సరం చూడకుండా బల్ల మీద పెట్టకూడదు. సిలబస్ మారిన పుస్తకం కొన్న తల్లి మళ్ళీ ఆ సంస్థ వైపు చూడదు. పాత చందమామలు, ఇప్పుడు దొరకని ముద్రణలు కనిపిస్తే 20 రూపాయల బల్ల మీద పడేయకుండా పక్కన పెట్టాలి. హైదరాబాద్‌లో ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, విజయవాడలో లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాలు అమ్మేవాళ్ళకు వాటి విలువ తెలుసు, అడిగితే చెబుతారు. ప్రతి పుస్తకాన్నీ ఒకసారి తిరగేయడం తప్పనిసరి. బ్యాంకు కాగితాలు, ఆధార్ జిరాక్సులు, ఒక్కోసారి నోట్లు కూడా మధ్యలో ఉండిపోతాయి. వాటిని తిరిగి ఇచ్చిన సంస్థకు మరుసటిసారి అడగకుండానే సంచులు వస్తాయి.

పదకొండు నుంచి ఒంటిగంట దాకా అమ్మి, చివరి అరగంటలో ‘సంచి నిండా వంద’ అని ప్రకటిస్తే మిగిలినవాటిలో మంచివి కదులుతాయి. సగం పుస్తకాలు సగటున 30 రూపాయలకు పోతే 4,500 వస్తుంది. అమ్ముడుపోని 150 పుస్తకాలు దాదాపు 45 కిలోలు, కిలో పదికి అదే ట్రాలీలో వెళితే మరో 450. మొత్తం 9,150. పురికొసకు, అట్టలకు, టీలకు 300 తీసేస్తే మిగిలేది 8,850. ఐదుగురు ఉదయం ఏడు నుంచి ఒంటిగంట వరకు ముప్పై గంటలు, ముందస్తు పనులకు ఆరు గంటలు లెక్కేసుకుంటే గంటకు 245 రూపాయలు పడింది. మొత్తంగా చూస్తే విభావరి లాభంలో సగమైనా లేదు. కానీ ఇక్కడ పోవడానికి ఉన్నది మూడు వందలే. అదే అపార్ట్‌మెంట్‌లో నాలుగు నెలలకోసారి పెట్టుకోవచ్చు, అయితే పుస్తకాలు రెండోసారికి సగమే వస్తాయి. రెండోసారి వేరే అపార్ట్‌మెంట్‌కు వెళ్ళడమే తెలివైన పని.

గంటకు వచ్చే రాబడిలో దీన్ని కూడా మించేది ఒకటుంది. దానికి హాలు, బల్ల, ఆదివారం ఏవీ అక్కరలేదు. బ్రిటన్, అమెరికాల్లో చిన్న సంస్థలు ‘ఫాంటమ్ టీ’ పేరిట జరగని విందుకు ఆహ్వానం పంపుతాయి. రావద్దు, వచ్చేందుకు అయ్యే ఖర్చు పంపండి అని దాని సారాంశం. తెలుగునాట భోజనానికి పిలిచి రావద్దంటే ఎవరో ఒకరు బట్టలు మార్చుకుని వచ్చేస్తారు. ఇక్కడి వాళ్ళకు అలవాటైన దారి వేరే ఉంది. 1985లో తిరుమలలో మొదలైన నిత్యాన్నదానం పుణ్యమా అని ఒక రోజు ఖర్చు తమ పేర భరించడం అనే పద్ధతి ఇంటింటికీ తెలుసు. సాయంత్రం బడి నడిపే చిన్న ట్రస్టు ముప్పైమంది పిల్లలకు పాలు, గుగ్గిళ్ళు పెట్టడానికి రోజుకు 450 అవుతుందనుకుంటే, గోడ క్యాలెండరులో ఒక్కో గడికి ఒక్కో పేరు రాసుకోవడమే కార్యక్రమం. పుట్టినరోజు, పెళ్ళిరోజు, పెద్దల తిథి, ఏదైనా సరే. ఏడాదిలో 90 గడులు నిండితే 40,500. వారానికి గంట చొప్పున ఒక్కరు చూసుకోగల పని.

దీనిలో ఇబ్బంది రాసుకునేటప్పుడే మొదలవుతుంది. పెద్దల జ్ఞాపకార్థం ఇచ్చేవారిని తిథి ప్రకారమా, తేదీ ప్రకారమా అని అడగాలి. తిథి ప్రకారమైతే ఏటా రోజు మారుతుంది, కొత్త పంచాంగం రాగానే మళ్ళీ రాసుకోవాలి. ఆ రోజు దాటిపోయాక చేసిన ఫోను ఆ కుటుంబాన్ని నొప్పిస్తుంది. పది రోజుల ముందు గుర్తుచేయడం, అదే సాయంత్రం ఖర్చు వివరంతో రెండు వాక్యాల సందేశం పంపడం, ఈ రెండూ జరిగితే మరుసటి ఏడాది చాలామంది తిరిగి ఇస్తారు. ఒకే రోజుకు ఇద్దరు వస్తే మొత్తాన్ని పంచుకోమని అడగవచ్చు, లేదా పక్కరోజు ఇవ్వవచ్చు. ఒకే రోజు ఖర్చును ఇద్దరి దగ్గరా పూర్తిగా తీసుకోవడం మాత్రం మోసమే.

చట్టం దగ్గర జారిపడే చోట్లు మూడు. లక్కీ డ్రా కూపన్లు అందరికీ సరదాగానే కనిపిస్తాయి. అయితే ప్రభుత్వం నడిపేది కాని, అనుమతించనిదైన లాటరీ నిర్వహణ నేరం. పాత శిక్షాస్మృతిలో 294ఎ, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 297వ సెక్షను ఆ విషయమే చెబుతాయి. మంచి పనికోసమన్న కారణం అందులో మినహాయింపు కాదు. డబ్బు బహుమతులతో హౌసీ ఆడించడం కూడా పేకాట కేసు దాకా పోగలదు.

రెండోది రసీదు. 80జి అనుమతి ఉన్న సంస్థకైనా పాత పేపర్లు ఇచ్చినవారికి, పుస్తకం కొన్నవారికి పన్ను మినహాయింపు రాదు. వస్తువుగా ఇచ్చినది, కొనుగోలుకు చెల్లించినది లెక్కకు రావు. నగదుగా ఇచ్చే విరాళం 2,000 రూపాయలు దాటినా మినహాయింపు ఉండదు. ఈ సంగతి రోజు ఖర్చు భరించేవాళ్ళకు ముందే చెప్పి, డబ్బు ఖాతాలోకి వేయించుకుని, పాన్ నంబరు రాసుకోవాలి. సంవత్సరాంతంలో పాన్ కోసం తొంభైమందికి ఫోన్లు చేయడం ఐదుగురి వల్ల అయ్యే పని కాదు.

మూడోది అమెరికాలోని బంధువులు. అక్కడ ఉద్యోగం చేస్తున్నా భారత పౌరసత్వం ఉన్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ దాతల కిందే లెక్క. ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేని ట్రస్టు వాళ్ళ దగ్గర 450 రూపాయలు తీసుకున్నా చట్టవిరుద్ధమే. అలాంటి బావగారు మేనకోడలి పుట్టినరోజుకు ఒక గడి అడిగితే, ఇక్కడున్న భారత పౌరులెవరైనా తమ సొంత డబ్బుతో ఆ రోజును తీసుకోవాలి. ఆయన డబ్బునే వేరొకరి పేరుతో మళ్ళించడం అదే చట్టాన్ని తప్పించుకోవడం అవుతుంది.