ఫిబ్రవరి మిర్చి, జూన్ డబ్బు

ఫిబ్రవరి 20న గుంటూరు మిర్చి యార్డులో ఒక చిన్న కారం మిల్లు యజమాని సరుకు కొన్నాడనుకుందాం. కమీషన్ వ్యాపారితో పాత పరిచయం ఉంది కాబట్టి డబ్బు కట్టడానికి 20 రోజులు గడువు దొరికింది. మార్చి 12న ఆ డబ్బు చెల్లించేశాడు. మిర్చి అప్పటికింకా గోదాములోనే ఉంది. దాన్ని ఎండబెట్టి, తొడిమలు తీసి, మరపట్టి, ప్యాకెట్లలో నింపి డిస్ట్రిబ్యూటరుకు పంపేసరికి ఏప్రిల్ 21 వచ్చింది. డిస్ట్రిబ్యూటరు సరుకైతే దించుకున్నాడు గానీ డబ్బు 45 రోజుల తర్వాతే ఇస్తానన్నాడు. జూన్ 5న ఆ మొత్తం బ్యాంకు ఖాతాలో పడింది.

అమ్మిన రోజునే పుస్తకంలో లాభం రాసేశారు. నగదు చూస్తే మార్చి 12న చేయి దాటిపోయింది, జూన్ 5 దాకా తిరిగి రాలేదు. మధ్యలో గడిచినవి 85 రోజులు. మిల్లుకు కరెంటు బిల్లు, కూలీల జీతాలు, తర్వాతి కొనుగోళ్లు ఆ 85 రోజులూ ఆగవు. వాటికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందన్నదే నిర్వహణ మూలధనం పాఠం మొత్తానికీ అసలు ప్రశ్న.

సరుకు కొన్న రోజు నుంచి అమ్మిన సొమ్ము చేతికి వచ్చే రోజు వరకూ పట్టే కాలాన్ని నిర్వహణ చక్రం అంటారు. ఈ మిల్లుకు అది నిల్వలో 60 రోజులు, వసూలుకు 45 రోజులు, కలిపి 105 రోజులు. అందులో మొదటి 20 రోజులు సరుకు ఇచ్చినవారి డబ్బుతోనే నడిచింది. వాటిని తీసేస్తే మిగిలే 85 రోజులే నగదు మార్పిడి కాలం. సొంత డబ్బో బ్యాంకు డబ్బో పెట్టి నెట్టుకు రావాల్సిన కాలం ఇదే.

నగదు మార్పిడి కాలం = సరుకు నిల్వ రోజులు + వసూలు రోజులు − చెల్లింపు రోజులు

ఈ కొలతను 1980లో రిచర్డ్స్, లాఫ్లిన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఒక వ్యాసంలో ముందుకు తెచ్చారు. అంతవరకూ సంస్థకు బాకీలు తీర్చే శక్తి ఉందా లేదా అని చూడటానికి ఎక్కువగా కరెంట్ రేషియోనే వాడేవారు. ఆ నిష్పత్తిలో రేపు వచ్చే బాకీ, ఆరు నెలలకు వచ్చే బాకీ పక్కపక్కనే ఒకే విలువతో కూర్చుంటాయి. కాలాన్ని అది చూడదు. ఆ లోటును తీర్చడానికే రోజుల లెక్క వచ్చింది.

నిజమైన ఖాతాల్లో ఒక్కో బస్తా వెంట పడి తేదీలు రాసుకోవడం కుదరదు. ఏడాది మొత్తాల నుంచి సగటు తీస్తారు. మన మిల్లు ఏడాదికి 3.65 కోట్ల అమ్మకాలు చేస్తోందనుకుందాం, అంటే రోజుకు లక్ష. అమ్మిన సరుకు ఖర్చు 2.92 కోట్లు, అంటే రోజుకు 80 వేలు. సగటు సరుకు నిల్వ 48 లక్షలు, కొనుగోలుదారుల నుంచి రావాల్సింది 45 లక్షలు, సరుకు ఇచ్చినవారికి బాకీ 16 లక్షలు. నిల్వను 80 వేలతో భాగిస్తే 60 రోజులు. రావాల్సినదాన్ని లక్షతో భాగిస్తే 45 రోజులు. చెల్లించాల్సినదాన్ని 80 వేలతో భాగిస్తే 20 రోజులు. మూడో లెక్కకు అరువు కొనుగోళ్లు తీసుకోవాలని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఆ అంకె దొరికితే అదే వాడాలి, దొరకనప్పుడు అమ్మిన సరుకు ఖర్చుతో సరిపెడతారు.

విద్యార్థులు తరచూ తప్పటడుగు వేసేది ఇక్కడే. వసూలు రోజులకు అమ్మకాల ధర ఆధారం, నిల్వ రోజులకు ఖర్చు ఆధారం. నిల్వను కూడా అమ్మకాలతోనే భాగిస్తే 60 రోజుల సరుకు 48 రోజులదిగా కనిపిస్తుంది. సరుకు వేగంగా కదులుతోందన్న భ్రమ కలుగుతుంది. ఇదే కారణంగా 85 రోజుల్ని రోజుకు లక్ష చొప్పున గుణించి, 85 లక్షలు ఇరుక్కుపోయాయని రాయడమూ తప్పే. రూపాయల్లో కావాలంటే నేరుగా బ్యాలెన్స్ షీట్ చూడాలి. 48కి 45 కలిపి 16 తీసేస్తే 77 లక్షలు.

ఆ 77 లక్షలూ బ్యాంకు నుంచి 11 శాతం వడ్డీకి తెచ్చారనుకుంటే ఏడాదికి వడ్డీ 8.47 లక్షలు. వడ్డీకి ముందు అమ్మకాల మీద 5 శాతం లాభం మిగిలితే అది 18.25 లక్షలు. అంటే లాభంలో దాదాపు 46 శాతం ఈ 85 రోజుల ఎదురుచూపుకే పోతోంది. వసూలును ఒక్క రోజు ముందుకు జరిపితే లక్ష రూపాయలు, నిల్వను ఒక్క రోజు తగ్గిస్తే 80 వేలు విడుదలవుతాయి. 45 రోజుల వసూలును 30కి తేగలిగితే 15 లక్షలు చేతికొస్తాయి, ఏటా 1.65 లక్షల వడ్డీ మిగులుతుంది. దీనికోసం కారం ఒక్క కిలో కూడా అదనంగా అమ్మనక్కర్లేదు.

వ్యాపారం పెరిగితే అంతా సర్దుకుంటుందని చాలామంది అనుకుంటారు. ఈ మిల్లు అమ్మకాలు 30 శాతం పెరిగాయని, రోజుల లెక్క మాత్రం మారలేదని అనుకుందాం. నిల్వ 62.4 లక్షలకు, రావాల్సినవి 58.5 లక్షలకు, చెల్లించాల్సినవి 20.8 లక్షలకు చేరతాయి. ఇరుక్కున్న డబ్బు 77 లక్షల నుంచి 100.1 లక్షలకు పెరుగుతుంది. అదనంగా 23.1 లక్షలు కావాలి. పెరిగిన లాభం 23.7 లక్షలు, అందులో వడ్డీకి 11 లక్షలు పోతే పన్నుకు ముందు మిగిలేది 12.7 లక్షలే. ఏడాది లాభం మొత్తం వ్యాపారంలోనే వదిలేసినా ఇంకో 10 లక్షలకు పైగా బయటి నుంచి తేవాలి. ఆర్డర్లు నిండుగా ఉన్న మిల్లులో జీతాల తేదీ దాటిపోవడానికి కారణం చాలాసార్లు ఇదే.

ఈ లెక్కలో సులభంగా కంటపడని చిక్కు ఒకటుంది. అది మార్చి 31. గుంటూరుకు కొత్త మిర్చి రాక ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకూ జోరుగా ఉంటుంది. ఏడాదికి కావాల్సిన సరుకులో పెద్ద భాగం మిల్లులు అప్పుడే కొని శీతల గోదాముల్లో పెట్టుకుంటాయి. ఖాతాలు ముగించే మార్చి 31న మన మిల్లులో 96 లక్షల సరుకు ఉండొచ్చు. డిసెంబరుకు అది 10 లక్షలకు పడిపోవచ్చు. ముగింపు నిల్వతో లెక్కిస్తే 120 రోజులు వస్తుంది. ప్రారంభ, ముగింపు నిల్వల సగటు తీసుకుంటే సరిపోతుందని పాఠం చెబుతుంది గానీ, ప్రారంభ నిల్వ కూడా నిరుటి మార్చి 31దే కదా. రెండు శిఖరాల సగటు శిఖరమే అవుతుంది. పన్నెండు నెలల నిల్వల సగటు తీస్తేనే 60 రోజులు కనిపిస్తుంది. మిర్చి, పత్తి, పసుపు, ధాన్యం మీద నడిచే ఏ సంస్థ లెక్క చూసినా, అంకెను నమ్మే ముందు ఆ పంట ఎప్పుడు చేతికొస్తుందో కనుక్కోవాలి.

అప్పు అడిగేటప్పుడు మాత్రం సగటు కన్నా శిఖరమే ముఖ్యం. చిన్న పరిశ్రమల రుణాల మీద రిజర్వ్ బ్యాంకు నియమించిన నాయక్ కమిటీ 1990ల తొలినాళ్లలో ఒక తేలిక సూత్రం ఇచ్చింది. అంచనా అమ్మకాల్లో 25 శాతం నిర్వహణ మూలధనంగా అవసరమని లెక్కగట్టి, అందులో 5 శాతం యజమాని పెట్టుకోవాలి, కనీసం 20 శాతం బ్యాంకు ఇవ్వాలి. ఈ 25 శాతం వెనుక ఉన్నది రోజుల లెక్కే. ఏడాదిలో నాలుగో వంతు అంటే మూడు నెలల చక్రం. మన మిల్లుకు ఈ లెక్కన 73 లక్షలు బ్యాంకు, 18.25 లక్షలు యజమాని, కలిపి 91.25 లక్షలు. సగటున ఇరుక్కునేది 77 లక్షలే కాబట్టి సరిపోయినట్టే ఉంటుంది. కానీ మార్చి చివర్లో 96 లక్షల సరుకు, 45 లక్షల రావాల్సినవి ఉన్నప్పుడు, చెల్లించాల్సినవి 30 లక్షలకు పెరిగాయనుకున్నా, 111 లక్షలు కావాలి. అందుకే ఇలాంటి యూనిట్లు సీజన్‌కు ఒక పరిమితి, మిగతా కాలానికి ఒక పరిమితి విడిగా అడుగుతాయి. నెలవారీ నిల్వ, వసూళ్ల పట్టిక చేతిలో ఉంటేనే ఆ కోరికకు బలం.

ఇక మూడో అంకం, చెల్లింపు రోజులు. దీన్ని ఎంత సాగదీస్తే అంత మంచిదని సూత్రం చూసినవారికి అనిపిస్తుంది. అలా సాగదీసి పేరు తెచ్చుకున్న కంపెనీ డెల్. 1996 ఆరంభంలో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో దాని నగదు మార్పిడి కాలం 40 రోజులు. రెండేళ్ల తర్వాత నిల్వ 7 రోజులకు, వసూలు 36 రోజులకు దిగాయి, చెల్లింపు 51 రోజులకు పెరిగింది. లెక్క సున్నా కిందికి, మైనస్ 8కి చేరింది. విడిభాగాల వాళ్లకు డబ్బు కట్టకముందే కంప్యూటరు కొన్నవారి డబ్బు వచ్చేసేది. అయితే అందులో ప్రధాన పాత్ర ఆర్డరు వచ్చాకే కంప్యూటరు బిగించే పద్ధతిదని మరచిపోకూడదు. 31 రోజుల నిల్వ 7కి తగ్గింది దానివల్లే.

ఆ 51 రోజులు మన దేశంలో చిన్న సరఫరాదారు దగ్గర చెల్లవు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం, నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థకు డబ్బు ఇవ్వడానికి రాతపూర్వక ఒప్పందం ఉన్నా గడువు 45 రోజులు దాటకూడదు. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ కట్టాలి. 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆదాయపు పన్ను సవరణతో, గడువు దాటిన అలాంటి బాకీని ఖర్చుగా చూపుకోవాలంటే నిజంగా చెల్లించిన ఏడాదిలోనే కుదురుతుంది.

మిల్లు యజమానికి ఈ చట్టం కొనుగోలుదారు మీద వాడుకోవడానికి ఉంది. ప్యాకెట్లు అచ్చువేసి ఇచ్చే చిన్న యూనిట్ విషయంలో తన మీదా వర్తిస్తుంది. చెల్లింపు రోజులు 20 నుంచి 35కు పెరిగి నగదు మార్పిడి కాలం 70కి తగ్గితే అది సామర్థ్యమా, చేతిలో డబ్బు ఆడకపోవడమా అన్నది ఆ ఒక్క అంకె చెప్పదు. వడ్డీతో సహా వచ్చిన డెబిట్ నోట్లు, అరువు ఆపేసిన సరఫరాదారులు, పక్క షాపు కన్నా ఎక్కువ ధరకు చేసిన కొనుగోళ్లు పుస్తకాల్లో ఉన్నాయేమో వెతికితే జవాబు దొరుకుతుంది.

అలాగే వసూలు 45 నుంచి 90 రోజులకు జారితే రావాల్సినవి 90 లక్షలవుతాయి, ఇరుక్కున్న మొత్తం 122 లక్షలకు చేరుతుంది. బ్యాంకు లెక్కించిన 91.25 లక్షలకు మరో 30.75 లక్షలు తక్కువ. పైగా 90 రోజులు దాటిన బాకీలను బ్యాంకులు సాధారణంగా డ్రాయింగ్ పవర్ లెక్కలోకి తీసుకోవు. అవసరం పెరిగిన నెలలోనే వాడుకునే పరిమితి తగ్గుతుంది. అందుకే అనుభవమున్న అకౌంటెంట్లు మొత్తం సగటుతో ఆగకుండా, పార్టీల వారీగా 30, 60, 90 రోజుల గళ్లు గీసి బాకీలు రాస్తారు. పది మంది 30 రోజుల్లో కడుతూ ఒక్క పెద్ద డిస్ట్రిబ్యూటరు 120 రోజులు ఆపేస్తుంటే, ఆ ఒక్క పేరు ఆఖరి గడిలో కనిపిస్తుంది. మిర్చి మళ్లీ యార్డుకు వచ్చే ఫిబ్రవరిలోపు మిల్లు యజమాని మాట్లాడాల్సింది ఆ మనిషితోనే.