సున్నా వచ్చిన రాత్రి

గుంటూరు మిర్చి యార్డులో ఆ రోజు తేజ రకం క్వింటాలు ఎంత పలికిందో రాత్రికల్లా రైతుల ఫోన్లకు పంపే చిన్న బృందం ఒకటి ఉందనుకుందాం. ధరలు చూసి రాసుకోవడానికి అక్కడ మనిషి ఉండడు. ధరల వెబ్ పేజీని ఒక ప్రోగ్రామ్ తెరుస్తుంది. పట్టికలోంచి రకం, కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, ఎక్కువ సరుకు పలికిన ధర ఏరి డేటాబేస్‌లో వేస్తుంది. ఇలాంటి ప్రోగ్రామ్‌నే స్క్రేపర్ అంటారు. దాన్ని రాసిన కుర్రాడు ఉద్యోగం మారుతున్నాడు, రేపటి నుంచి ఆ బాధ్యత పక్క సీటులోని సహోద్యోగిది. ఆమె చేతికి అతను ఇచ్చి వెళ్లాల్సింది ఒక అప్పగింత నోట్.

ఇలాంటి నోట్లలో చాలావాటికి ఒకటే జబ్బు: ఇన్‌స్టాల్ చేసే విధానం పేజీలకు పేజీలు ఉంటుంది, చెడిపోతే ఏం చేయాలో రెండు ముక్కల్లో తేలిపోతుంది. నిజానికి కొత్త కంప్యూటర్‌లో అమర్చే అవసరం ఏడాదికోసారి వస్తే ఎక్కువ. దానికి ఈ రెండు లైన్లు చాలు:

```
python3 -m venv venv
venv/bin/pip install -r requirements.txt
```

డేటాబేస్ పాస్‌వర్డ్ మాత్రం నోట్‌లో రాయకూడదు. అది `.env` ఫైల్లో ఉంటుందనీ, ఆ ఫైల్ ఎవరిని అడగాలో అనీ రాస్తే సరిపోతుంది.

ఇక వేళ సంగతి. సర్వర్‌లో రోజూ ఒకే సమయానికి పని మొదలుపెట్టేది క్రాన్. దాని లైన్ ఇలా ఉంటుంది:

```
30 15 * * * cd /home/dhara/mirchi && venv/bin/python scrape.py >> log.txt 2>&1
```

దీన్ని చూసి మధ్యాహ్నం మూడున్నర అనుకునే ప్రమాదం ఉంది. సర్వర్ గడియారం యూటీసీలో నడుస్తోంది, మనం దానికి అయిదున్నర గంటలు ముందున్నాం. కాబట్టి అసలు వేళ రాత్రి 9 గంటలు. సాయంత్రం ధరలు ఎక్కడం ఆలస్యమైనా అప్పటికి వచ్చేస్తాయని ఆ వేళ పెట్టారు. ఈ కారణం కూడా నోట్‌లో ఉండాలి, లేదంటే తర్వాత వచ్చినవాళ్లు మంచి చేద్దామని ముందుకు జరిపేస్తారు. లైన్ మొదట్లో ఉన్న `cd` కూడా ఊరికే లేదు. క్రాన్ మన ఫోల్డర్‌లో మొదలవదు. అది తీసేస్తే, చేత్తో నడిపినప్పుడు బుద్ధిగా పనిచేసే ప్రోగ్రామ్ రాత్రిపూట ఫైళ్లు దొరకక ఆగిపోతుంది.

అరిచి చెప్పే లోపాలతో పెద్ద బాధ లేదు. లాగ్‌లో 429 కనిపిస్తే మరీ వెంటవెంటనే పేజీలు అడుగుతున్నామని అర్థం, మధ్య విరామం పెంచాలి. 403 అంటే అవతలి సైట్ రానివ్వడం లేదు. అప్పుడు దొడ్డిదారి వెతకకుండా ఆ సైట్ నిబంధనలు చూడాలి, నిర్వాహకులను అడగాలి.

కష్టమంతా అరవని లోపంతోనే. ఒక రాత్రి స్క్రేపర్ ఏ తప్పూ చూపకుండా ముగిసింది, సర్వర్ నుంచి 200 వచ్చింది, కానీ చేరిన వరుసలు సున్నా. యార్డుకు సెలవు కావచ్చు. ధరలు ఇంకా ఎక్కకపోయి ఉండవచ్చు. లేదా పేజీ రూపమే మారిపోయి ఉండవచ్చు. మూడింటికీ లాగ్‌లో కనిపించేది అదే సున్నా.

తేడా పట్టడానికి ఆ రాత్రి దిగిన అసలు పేజీని చూడాలి. పట్టిక, దాని శీర్షికలు ఉండి కింద వరుసలు లేకపోతే సెలవో ఆలస్యమో అయివుంటుంది. యార్డు సెలవుల జాబితా తిరగేసి, సెలవు కాకపోతే గంట తర్వాత మళ్లీ నడపాలి. పట్టికే కనిపించకపోతే పేజీ మారిందన్నమాట, అప్పుడు ఎన్నిసార్లు నడిపినా లాభం లేదు.

సున్నా కంటే మాయదారిది మరొకటి ఉంది. పేజీలో రకం పక్కన కొత్తగా ‘రాబడి బస్తాలు’ అనే గడి చేరిందనుకోండి. ‘రెండో గడి కనిష్ఠ ధర’ అని నమ్ముకున్న ప్రోగ్రామ్ బస్తాల లెక్కను ధరగా రాసేస్తుంది. వరుసలు నిండుగా వస్తాయి, లాగ్ పచ్చగా ఉంటుంది. తేజ క్వింటాలు 850 రూపాయలని రైతుకు మెసేజ్ వెళుతుంది! దీనికి విరుగుడు, గడిని స్థానంతో కాక శీర్షిక పేరుతో వెతకడం. కనిష్ఠం కంటే మధ్య ధర తక్కువైనా, నిన్నటి ధరలో సగానికి పడిపోయినా మెసేజ్ ఆపి మనిషిని పిలిచేలా ఒక తనిఖీ కూడా పెట్టాలి.

బాగుచేసే పని ప్రశాంతంగా సాగాలంటే ఒక అలవాటు ముందునుంచీ ఉండాలి: దిగిన ప్రతి పేజీనీ తేదీ పేరుతో దాచడం. ఇలాంటి పేజీ రేపటికి మారిపోతుంది, నిన్నటిది మళ్లీ దొరుకుతుందన్న భరోసా లేదు. దాచినదుంటే కోడ్ సరిచేసి పాత తేదీలను నింపుకోవచ్చు:

```
venv/bin/python parse.py --date 2025-02-14
```

తేదీ, యార్డు, రకం మూడూ కలిసిన వరుస ఒక్కటే ఉండాలన్న నియమం డేటాబేస్‌లో ఉండి, ప్రోగ్రామ్ కొత్త వరుస చేర్చకుండా పాతదాన్నే సరిదిద్దేలా రాసి ఉంటే, ఎన్నిసార్లు నడిపినా లెక్క రెట్టింపు కాదు. తర్వాత ఒక రకం ధరను దాచిన పేజీతో కంటితో పోల్చి చూసుకుని, సవరించిన ధరను రైతులకు మళ్లీ పంపాలి.