లెన్సుల క్లెయిమ్ కొట్టేస్తే అప్పీలు ఉత్తరంలో ఏం రాయాలి?

అమెరికాలో కళ్లజోడుకూ కాంటాక్ట్ లెన్సులకూ సాధారణంగా విడిగా విజన్ ప్లాన్ ఉంటుంది. కంటిజబ్బులకు చికిత్స మాత్రం ఆరోగ్య బీమా కిందికి వస్తుంది. జబ్బు వల్లే లెన్సులు పెట్టుకోవాల్సి వచ్చినప్పుడు ఖర్చు ఎవరు భరించాలన్న పేచీ మొదలవుతుంది. కెరటోకోనస్ ఉన్నవాళ్లకు తరచూ ఎదురయ్యే చిక్కు ఇది.

ఈ జబ్బులో నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర, అంటే కార్నియా, పలచబడి శంకువులా ముందుకు ఉబ్బుతుంది. దాని ఉపరితలం ఎగుడుదిగుడు కావడంతో, జబ్బు ముదిరాక కళ్లజోడు పవర్ ఎంత మార్చినా అక్షరాలు అలుక్కుపోయినట్టే కనిపిస్తాయి. స్క్లెరల్ లెన్స్ అనే పెద్ద గట్టి లెన్స్ కార్నియాను తాకకుండా తెల్లగుడ్డు మీద ఆనుతుంది. మధ్యలో నిలిచే సెలైన్ ఆ ఎత్తుపల్లాలను పూడ్చేయడంతో చూపు తేటపడుతుంది. ఒక్కో కంటి కొలతకు తగ్గట్టు విడిగా తయారు చేయాలి కాబట్టి ఖర్చు వేల డాలర్లకు చేరుతుంది.

టెక్సాస్‌లో ఉద్యోగం చేసే ఒక తెలుగు యువకుడికి ఈ పరిస్థితి వచ్చిందనుకుందాం. 'కాంటాక్ట్ లెన్సులు మామూలు దృష్టి సవరణ కిందికి వస్తాయి, వాటికి కవరేజీ లేదు' అంటూ బీమా కంపెనీ నుంచి తిరస్కరణ పత్రం వచ్చింది. ఉత్తరం మొదలుపెట్టే ముందు అతను చూడాల్సింది క్లెయిమ్‌లో వేసిన వ్యాధి కోడ్. కెరటోకోనస్ కోడ్ H18.6తో మొదలవుతుంది. డాక్టరు ఆఫీసువాళ్లు పొరపాటున దృష్టిదోషాలకు వాడే H52 వరస కోడ్ ఒక్కటే వేసి ఉంటే, కంపెనీకి అది కళ్లజోడు బిల్లులాగే కనిపిస్తుంది. అలాంటప్పుడు కోడ్ సరిచేసి మళ్లీ పంపమని ఆఫీసువాళ్లను అడిగితే సరిపోవచ్చు.

కోడ్ సరిగ్గానే ఉంటే అప్పీలుకు వెళ్లాలి. తిరస్కరించడానికి ఏ నిబంధనను, ఏ వైద్య ప్రమాణాన్ని ఆధారం చేసుకున్నారో ఆ కాగితాలు ఉచితంగా ఇవ్వమని అడిగే హక్కు మనకుంది. అవి చేతికొచ్చాక డాక్టరు రిపోర్టును వాటి పక్కన పెట్టి చదవాలి. 'రోగికి కాంటాక్ట్ లెన్సులు అవసరం' అని ఒక్క ముక్క రాసి ఊరుకున్న రిపోర్టు నిలబడదు. కళ్లజోడుతో చూపెంత, లెన్సుతో ఎంత, కార్నియా ఎంత వంగింది, ఎంత పలచబడింది, ఇంకేం ప్రయత్నించి చూశారు అన్నవి అందులో ఉండాలి. లేకపోతే రిపోర్టును ఆ వివరాలతో మళ్లీ రాయించుకోవాలి.

ఉత్తరం ఒక పేజీ దాటనక్కర్లేదు. పైన పాలసీ నంబరు, క్లెయిమ్ నంబరు, తిరస్కరణ తేదీ వేస్తారు. తర్వాత అసలు విషయం ఇలా సాగుతుంది: 'మీరు దీన్ని మామూలు దృష్టి సవరణ అన్నారు. నాకున్నది కెరటోకోనస్ అనే కార్నియా వ్యాధి. జతచేసిన రిపోర్టు రెండో పేజీ ప్రకారం కళ్లజోడుతో నా కుడికంటి చూపు 20/80 దాటలేదు, స్క్లెరల్ లెన్సుతో 20/25 వచ్చింది. మెత్తటి లెన్సులు ప్రయత్నించినా చూపు మెరుగుపడలేదని మూడో పేజీలో ఉంది. కార్నియా వంపును చూపించే టోపోగ్రఫీ మ్యాప్ కూడా జత చేశాను. కాబట్టి ఈ లెన్సులను వ్యాధి చికిత్సగా గుర్తించి, క్లెయిమ్‌ను కార్నియా వ్యాధులు తెలిసిన కంటి నిపుణుడితో పునఃపరిశీలించమని కోరుతున్నాను.'

20/80 అంటే, మామూలు చూపున్నవాళ్లు 80 అడుగుల నుంచి చదివే అక్షరాన్ని ఇతను 20 అడుగుల దగ్గరికి వస్తే తప్ప చదవలేడు. ఆ ఒక్క అంకె, పక్కనే 20/25 చేరితే, కళ్లజోడు ఈ లెన్సుకు ప్రత్యామ్నాయం కాదని తేల్చేస్తుంది. పడుతున్న అవస్థ గురించి రెండు వాక్యాలు రాయొచ్చు గానీ వాదన మాత్రం రిపోర్టు మీదే నిలవాలి.

తిరస్కరణ పత్రం అందిన 180 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు. లెన్సులు తీసుకున్నాక వేసిన క్లెయిమ్ అయితే సాధారణంగా 60 రోజుల్లో, ముందస్తు అనుమతి కోసమైతే 30 రోజుల్లో కంపెనీ తేల్చాలి. అప్పటికీ కాదంటే, నాలుగు నెలల్లోగా కంపెనీతో సంబంధం లేని బయటి సమీక్షకు వెళ్లొచ్చు.

అయితే బయటి సమీక్ష ముఖ్యంగా వైద్యపరమైన నిర్ణయాల మీద వచ్చే తగాదాల కోసం. 'ఏ కారణం వల్లనైనా కాంటాక్ట్ లెన్సులకు చెల్లించం' అని ప్లాన్‌లోనే స్పష్టంగా రాసి ఉంటే, రిపోర్టు ఎంత బలమైనదైనా గెలవడం కష్టం. అప్పుడు విజన్ ప్లాన్ తీసి చూడాలి. కొన్నింటిలో 'వైద్యపరంగా అవసరమైన కాంటాక్ట్ లెన్సులు' అనే విభాగం విడిగా ఉంటుంది, కెరటోకోనస్ అందులోకి వస్తుంది. అదే రిపోర్టును అక్కడికీ పంపొచ్చు.