బ్యాండు ఏడొచ్చినా సీటు ఎందుకు రాదు?

"మావాడికి జీఆర్‌ఈలో 320 వచ్చింది. అదీ ఇంగ్లీషు పరీక్షే కదా, మళ్లీ ఈ ఐఈఎల్‌టీఎస్ ఎందుకండీ?" అమీర్‌పేటలో ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. సందేహం సబబే. కాకపోతే ఈ రెండూ కొలిచేవి వేర్వేరు.

జీఆర్‌ఈ అంటే గ్రాడ్యుయేట్ రికార్డ్ ఎగ్జామినేషన్స్. పీజీలో చేరబోయేవారి తర్కాన్ని చూస్తుంది. వెర్బల్‌కు 130 నుంచి 170, క్వాంట్‌కు 130 నుంచి 170. ఆ తండ్రి చెప్పిన 320 ఈ రెండింటి మొత్తం. వ్యాసానికి 6కి విడిగా మార్కులిస్తారు, అవి ఇందులో కలవవు.

క్వాంట్‌లో ఇలాంటి ప్రశ్న వస్తుంది: ఎక్స్ సున్నా కంటే పెద్దది. ఎక్స్ పెద్దదా, ఎక్స్ వర్గం పెద్దదా? మనవాళ్లు ఠక్కున 'వర్గమే' అంటారు. రెండు వేసి చూస్తే నిజమే, వర్గం నాలుగు. అర వేస్తే వర్గం పావుకి పడిపోతుంది. ఒకటి వేస్తే రెండూ సమానం. కాబట్టి 'చెప్పలేం' అన్నదే సరైన జవాబు. సూత్రాలు బట్టీ పట్టినవాడు బోల్తా పడేది ఇక్కడే.

అయితే ఈ పరీక్షలో ఎవరూ మనతో మాట్లాడరు, మనచేత ఏమీ వినిపించరు. ఆ పని ఐఈఎల్‌టీఎస్‌ది. ఇంటర్నేషనల్ ఇంగ్లిష్ లాంగ్వేజ్ టెస్టింగ్ సిస్టమ్ అని పూర్తి పేరు. వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం అని నాలుగు భాగాలు. మాట్లాడే పరీక్షలో ఎగ్జామినర్‌తో 11 నుంచి 14 నిమిషాలు ముఖాముఖి ఉంటుంది. ఒక్కో భాగానికి 9 వరకు బ్యాండు ఇస్తారు. టోఫెల్ కూడా, అంటే టెస్ట్ ఆఫ్ ఇంగ్లిష్ యాజ్ ఎ ఫారిన్ లాంగ్వేజ్, ఈ కోవలోదే. శాట్ సంగతే తమాషా: ఒకప్పుడు స్కొలాస్టిక్ ఆప్టిట్యూడ్ టెస్ట్ అనేవారు, ఇప్పుడు ఆ అక్షరాలకు విస్తరణే లేదు.

ఇక అసలు చిక్కు. ఒకమ్మాయికి వినడంలో 7.5, చదవడంలో 7, రాయడంలో 6, మాట్లాడటంలో 6.5 వచ్చాయనుకుందాం. మొత్తం 27, నాలుగుతో భాగిస్తే 6.75. దాన్ని పైకి సవరించి 7 వేస్తారు. ఇంట్లో మిఠాయిలు పంచేస్తారు. కానీ ఆమె కోరుకున్న కోర్సు 'ఏ భాగంలోనూ 6.5కి తగ్గకూడదు' అంటే, రాతలో వచ్చిన ఆ 6 అడ్డుపడుతుంది. మన పిల్లలు ఎక్కువగా తడబడేది రాతలోనే అని నా అనుభవం. అక్కడ 250 పదాల వ్యాసానికి, 150 పదాల మొదటి ప్రశ్నకున్న విలువకు రెట్టింపు ఉంటుంది. వరుసలో మొదటిదని దాని మీదే సమయమంతా పెట్టేస్తారు.

ఫీజు కట్టేముందు కోర్సు పేజీలో విడి బ్యాండ్ల షరతు చూసుకోండి. తేదీ కూడా లెక్కేసుకోండి: జీఆర్‌ఈ స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది, ఐఈఎల్‌టీఎస్‌ది రెండేళ్లే.