‘నువ్వే చెప్పాలి’ దగ్గర ఆగిపోయే కబుర్లు

మీ వాట్సాప్‌లో కాస్త కిందికి వెళ్లి వెతికితే ఇలాంటిది ఒకటైనా దొరుకుతుంది.

“హాయ్ రా”
“హాయ్. ఎలా ఉన్నావ్?”
“బాగున్నా. నువ్వు?”
“బాగున్నా. ఏంటి సంగతులు?”
“ఏం లేవు. ఇంకేంటి?”
“నువ్వే చెప్పాలి.”

ఆ తర్వాత ఒక బొటనవేలి బొమ్మ. దాని కింద సంక్రాంతి ముగ్గుతో ఒక శుభాకాంక్షల ఫొటో. ఇద్దరికీ గొడవేమీ లేదు. ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్లు, ఎదురుపడితే అర్ధరాత్రి దాకా మాట్లాడుకునేవాళ్లు. అయినా ఆరు ముక్కల్లో అంతా అయిపోయింది.

ఆ ఆరింటినీ మళ్లీ చదివి చూడండి. ఒక్కదాంట్లోనూ ఎవరూ ఏమీ చెప్పలేదు. ప్రతి మాటా ‘ఇప్పుడు నీ వంతు’ అని అవతలివాడి చేతిలో పెట్టిందే తప్ప, తనవైపు నుంచి ఒక్క విషయం ముందుకు తేలేదు. ‘నువ్వే చెప్పాలి’ అనేసరికి తిప్పడానికి ఇక వంతులు కూడా మిగల్లేదు.

మాటలు ఎలా మొదలవుతాయన్నది పరిశోధకులు చాలాకాలంగా గమనిస్తున్న సంగతే. అమెరికాలో ఇమాన్యుయేల్ షెగ్లాఫ్ అనే సామాజిక శాస్త్రవేత్త పోలీసులకు వచ్చిన ఫోన్ కాల్స్ రికార్డింగులు సుమారు 500 తీసుకుని, వాటి మొదటి క్షణాలను పరిశీలించి 1968లో ఒక వ్యాసం ప్రచురించాడు. ఆయనా, ఆయన తర్వాత వచ్చినవాళ్లూ తేల్చిన వాటిలో మనకు పనికొచ్చేది ఒకటుంది. పలకరింపులూ కుశలప్రశ్నలూ అయ్యాక సంభాషణలో ఒక ఖాళీ చోటు వస్తుంది. అక్కడ విషయం ఎత్తాల్సింది ఫోన్ చేసినవాళ్లే. అవతలివాళ్లు దానికోసం ఎదురుచూస్తుంటారు. మన ఫోన్లలో ఆ చోటు ఎంత స్పష్టంగా వినిపిస్తుందో మీకు తెలుసు. “ఆఁ, చెప్పరా” అంటాం. అంటే పలకరింపు అయింది, ఇక నీ సంగతి మొదలుపెట్టు అని.

ఫోన్లో అయితే “ఏం లేదు, ఊరికే చేశా” అన్నా నడిచిపోతుంది. వెనకాల బస్సు హారన్ వినిపిస్తే “ఏంటి, బయటున్నావా?” అని అడుగుతాం. గొంతు బొంగురుపోతే “జలుబు చేసిందా?” అంటాం. కుక్కర్ కూతో, పిల్లల అల్లరో మాటకు ఆసరా ఇస్తుంది. రాతలో అవేవీ ఉండవు. పైగా ఒక్కో జవాబుకీ మధ్య రెండు గంటలు, ఒక్కోసారి ఒక పూట. అందుకే ఎదురుగా ఉంటే ఎంతసేపైనా మాట్లాడే మనిషి, రాతలో ఒట్టి ‘హాయ్’ దగ్గరే కూలబడిపోతాడు. (ఆఫీసు చాట్‌లో వచ్చే ఒట్టి హాయ్ వేరే సంగతి. అక్కడ పనుంటుంది. ఆ పనేదో హాయ్‌తో పాటే చెప్పేస్తే సరిపోతుంది.)

పని లేనప్పుడు ఏం రాయాలి? చాలామంది ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. లారా ఆక్నిన్, గిలియన్ శాండ్‌స్ట్రోమ్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు 2024లో ఇదే విషయం మీద ఒక అధ్యయనం ప్రచురించారు. మాటలు తెగిపోయిన పాత స్నేహితుడు ఉన్నవాళ్లను, మళ్లీ మాట్లాడాలని కోరిక ఉన్నవాళ్లను ఎంచుకున్నారు. సందేశం రాసుకోవడానికి అక్కడికక్కడే సమయమిచ్చారు, పంపమని ప్రోత్సహించారు. అయినా నిజంగా పంపినవాళ్లు మూడోవంతు దరిదాపుల్లోనే ఉన్నారు. అవతలివాళ్లకు నా మాట ఇష్టమో కాదో అన్న బెరుకు, ఇన్నాళ్ల తర్వాత ఎబ్బెట్టుగా ఉంటుందేమోనన్న సంకోచం వాళ్లను ఆపాయి. ఏదో ఒక కారణం ఉంటే తప్ప ఎలా రాస్తామన్నది మన దగ్గర ఇంకాస్త గట్టిగానే ఉంటుంది.

నా లెక్కలో ఇక్కడ కావలసింది పని కాదు, సందర్భం. ఫలానా మనిషి ఇవాళే ఎందుకు గుర్తొచ్చాడన్నదే ఆ సందర్భం. అది లేకుండా ఎవరూ ఎవరికీ గుర్తురారు. కాకపోతే గుర్తొచ్చిన క్షణానికీ హాయ్ కొట్టే క్షణానికీ మధ్య మనం దాన్ని పారేసుకుంటాం. చెప్పదగినంత పెద్దది కాదని మనమే కొట్టేస్తాం. నిజానికి అవతలివాడికి అందించాల్సింది దాన్నే.

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా వెళ్దాం. కాకినాడలో పాలిటెక్నిక్ కలిసి చదివిన ఇద్దరున్నారనుకోండి. ఒకాయన ఇప్పుడు హైదరాబాదులో, రెండో ఆయన విశాఖలో. మూడేళ్లుగా మాటల్లేవు. హైదరాబాదాయన బండి సర్వీసింగుకి ఇచ్చి మెకానిక్ షెడ్డు ముందు కూర్చున్నాడు. అక్కడ ఒక పాత టీవీయస్ ఫిఫ్టీ కనిపించింది. స్నేహితుడు కాలేజీకి వేసుకొచ్చే వాళ్ల నాన్నగారి బండి గుర్తొచ్చింది. మామూలుగా అయితే ఫోన్ తీసి ‘హాయ్ రా’ అని కొట్టేవాడు. దానికి బదులు ఇలా రాశాడు:

“ఒరేయ్, ఇవాళ మెకానిక్ దగ్గర ఒక పాత టీవీయస్ ఫిఫ్టీ చూశా. మీ నాన్నగారి బండి గుర్తొచ్చింది. పనేం లేదు, ఊరికే పెట్టా. అది ఇంకా ఉందా, అమ్మేశారా?”

ఇందులో ప్రతి ముక్కా ఒక పని చేస్తోంది. మెకానిక్ షెడ్డు మాట ‘వీడికి ఇవాళే ఎందుకు గుర్తొచ్చాను’ అన్న అనుమానాన్ని తీరుస్తుంది. చాలాకాలం తర్వాత వచ్చే ఒట్టి హాయ్‌కి మనవాళ్లు భయపడటంలో తప్పు లేదు. దాని వెనక అప్పు ఉండొచ్చు, పాలసీ ఉండొచ్చు, ‘మంచి బిజినెస్ ఉంది, ఒకసారి కలుద్దాం’ ఉండొచ్చు. అకౌంటు దొంగిలించి స్నేహితుడి పేరుతో డబ్బడిగే మోసగాడి మొదటి మాట కూడా చాలాసార్లు హాయే. కానీ కాకినాడ టీవీయస్ ఫిఫ్టీ సంగతి మోసగాడికి తెలియదు. ‘పనేం లేదు’ అన్న మాట మిగతా భయాలు తీరుస్తుంది. ఆ మాట మొదటి సందేశంలోనే ఉండాలి. నాలుగు మాటలయ్యాక చెబితే అప్పటిదాకా అవతలివాడు అసలు సంగతి ఎప్పుడొస్తుందా అని కాచుకుని కూర్చుంటాడు.

ఇక చివరి ప్రశ్న. చిన్నది, బస్టాపులో నిలబడి ఒక్క చేత్తో జవాబివ్వగలిగేది. పైగా దాని జవాబు రాసినవాడికి తెలియదు, చదివేవాడికి తెలుసు. ‘లైఫ్ ఎలా ఉంది?’ అనే ప్రశ్నకు ఈ గుణాలు రెండూ లేవు. మూడేళ్ల జీవితం గురించి ఎవరు మాత్రం టైపు చేస్తారు? అందుకే ‘నడుస్తోంది’ అనేసి వదిలించుకుంటారు.

విశాఖ నుంచి జవాబు వచ్చిందనుకుందాం: “అమ్మేశాం రా. నాన్నకి మోకాలి ఆపరేషన్ అయ్యాక తొక్కలేకపోయారు.”

అసలు మలుపు ఇదే. ఎక్కువమంది జారిపడేది కూడా ఇక్కడే. ఒకాయన “అయ్యో” అని ఊరుకుంటాడు. ఇంకొకాయన “వానలో తోసుకుంటూ వెళ్లాం, గుర్తుందా!” అని పాత రోజుల్లోకి దూకుతాడు. అది కాసేపు బాగుంటుంది. కానీ ఇద్దరికీ తెలిసిన సంగతిలో ఒకరికొకరు చెప్పుకోవడానికి కొత్తగా ఏమీ ఉండదు. రెండు నవ్వులయ్యాక మళ్లీ ‘ఇంకేంటి’ దగ్గరికే వస్తారు. పాత జ్ఞాపకం తలుపు తీయడానికి పనికొస్తుంది గానీ అక్కడే కూర్చుంటే లోపలికి వెళ్లేదెప్పుడు?

ఆ జవాబును ఇంకోసారి చూడండి. అడిగిన ప్రశ్నకు ‘అమ్మేశాం’ చాలు. మోకాలి ఆపరేషన్ సంగతి అడగకుండా వచ్చింది. అడగకుండా వచ్చిన ముక్కే పట్టుకోవాలి. మనిషి తనంతట తాను చెప్పాడంటే ఆ విషయం అతని మనసులో మెదులుతోందన్నమాట. “ఆపరేషన్ ఎప్పుడైంది? ఇప్పుడు మెట్లెక్కుతున్నారా?” అని అడిగితే కబురు పాత బండి మీంచి దిగి ఇవాళ్టి ఇంట్లోకి వస్తుంది. 2017లో హార్వర్డ్ పరిశోధకులు చేసిన అధ్యయనం ఒకటి దీనికి దగ్గరగా ఉంది. ఎక్కువ ప్రశ్నలు అడిగేవాళ్లు, ముఖ్యంగా అవతలివాళ్లు చెప్పినదాన్ని అందుకుని మళ్లీ అడిగేవాళ్లు, ఎదుటివాళ్లకు ఎక్కువ నచ్చుతారని అందులో తేలింది.

అయితే వరసగా అడుగుతూనే పోతే అది ఇంటర్వ్యూ అవుతుంది. రెండు ప్రశ్నల తర్వాత తన సంగతి ఒకటి పెట్టాలి. “మా అమ్మకి కూడా డాక్టర్ చేయించుకోమన్నాడు, ఆవిడ ససేమిరా అంటోంది” అంటే చాలు. ఇక అక్కణ్నుంచి ఫిజియోథెరపీ ఖర్చు, అమ్మానాన్నల్ని ఎవరు చూసుకుంటున్నారన్నది, బెంగుళూరు ఉద్యోగం వదిలి విశాఖ ఎందుకు వచ్చేశాడన్నది ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఇవేవీ ఆలోచించి పెట్టుకున్న విషయాలు కావు.

పెద్దవాళ్లతో పద్ధతి కొంచెం మారుతుంది. చదువు చెప్పిన మాస్టారికో, ఊళ్లో ఉన్న పెదనాన్నకో ‘హాయ్’ అని రాయం. ఫోన్ చేయడమే మర్యాద. “ఏం పెదనాన్నా, వానలు పడ్డాయా? బోరులో నీళ్లొస్తున్నాయా?” అంటే వాళ్లే అందుకుంటారు. ‘ఇంకేంటి విశేషాలు’ అన్న ప్రశ్నకు రాని జవాబు బోరు నీళ్ల ప్రశ్నకు పది నిమిషాలు వస్తుంది. మాస్టారికైతే “మావాడికి ఈ ఏడు త్రికోణమితి మొదలైంది మాస్టారూ, మీరే గుర్తొచ్చారు” అన్నది చాలు.

ఇంత చేసినా కొన్ని మాటలు సాగవు. అవతలి జవాబుల్లో అడగనిది ఒక్కటీ రాకపోతే, తిరిగి ఒక్క ప్రశ్నా రాకపోతే, అలా మూడుసార్లు జరిగితే అది ఇవాళ్టికి చాలన్న సంకేతం. “సరే రా, పని చూసుకో, తర్వాత మాట్లాడదాం” అని వదిలేయడమే మంచిది. “ఏంటి, బిజీనా? మాట్లాడట్లేదు” అనడం మాత్రం వద్దు. అది తప్పు పట్టినట్టు ఉంటుంది. సాగకపోయినంత మాత్రాన ఆ సందేశం నచ్చలేదనీ అనుకోనక్కర్లేదు. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలోని పెగ్గీ లియూ బృందం 2022లో ఈ సంగతే పరిశీలించింది. ఊరికే పలకరించిన సందేశానికి అందుకున్నవాళ్లు ఎంత సంతోషిస్తారో పంపినవాళ్లు తక్కువ అంచనా వేసుకుంటున్నారని తేలింది. పలకరింపు ఎంత ఊహించనిదైతే అందుకున్నవాళ్లకు అంత ఎక్కువగా నచ్చుతోందట.

చివరగా ఒక మాట. ఈ బాధ్యతంతా మొదట రాసినవాళ్లదే కాదు. వాళ్లు ఏం చెప్పాలో తోచక ఒట్టి హాయ్ పంపి ఉండొచ్చు. దానికి ఒట్టి హాయ్ తిప్పి కొట్టకండి. “హాయ్ రా, ఇప్పుడే పాపని ట్యూషన్ దగ్గర దింపి వచ్చా. ఏంటి, ఇవాళ గుర్తొచ్చా?” అని రాయండి. పట్టుకోవడానికి పాప ఉంది, ట్యూషన్ ఉంది. ఎందుకు గుర్తొచ్చారో చెప్పడానికి వాళ్లకు చోటూ ఉంది.