‘ఇవాళ కుదరదే’ అనే స్నేహితురాలితో

సినిమాకి టికెట్లు తీసుకున్నాక, బయలుదేరే అరగంట ముందు "సారీనే, ఇవాళ కుదరదు" అని మెసేజ్. ఒకసారైతే ఎవరూ పట్టించుకోరు. ప్రతిసారీ ఇదే తంతైతే చెప్పాల్సిందే. కానీ ఆ మెసేజ్ కిందే వద్దు, అప్పుడు కోపంలో ఏదో ఒకటి అనేస్తాం. వాట్సాప్ గ్రూపులో అసలే వద్దు. నలుగురి ముందు అడిగితే ఎవరైనా తమను సమర్థించుకోవడానికే చూస్తారు. రెండు రోజులాగి ఫోన్ చేయడం మేలు.

"నువ్వెప్పుడూ ఇంతే" అంటే, తను వచ్చిన రోజులన్నీ ఏకరువు పెడుతుంది, అసలు సంగతి పక్కకు పోతుంది. జరిగింది ఒక్కటే చెప్పండి: "శనివారం నీకోసం అమ్మావాళ్లింటికి వెళ్లడం మానుకున్నానే. ఆఖరి నిమిషంలో రానన్నావు, బాధేసింది. నాతో రావడం నీకు ఇష్టం లేదేమో అనిపిస్తోంది."

తర్వాత మీరు ఆగి, వినండి. చేతిలో డబ్బుల్లేకపోయినా, ఇంట్లో ఒప్పుకోకపోయినా, మొహమాటానికి ముందు సరే అనేవాళ్లు చాలామంది. డబ్బే ఇబ్బందైతే సినిమా బదులు ఇంట్లో టీ చాలు. మొహమాటమైతే, "రాలేకపోతే ముందురోజే చెప్పు, ఏమీ అనుకోను" అనండి. తీరా చెప్పినప్పుడు నిజంగానే ఏమీ అనుకోకూడదు, కష్టమంతా అక్కడే. అయినా మారకపోతే తన టికెట్ తీయడం మానేసి, తను పిలిచినప్పుడు వెళ్లండి.