మెడల్స్ పంపకం, మాటల పంతం

క్లాష్ ఆఫ్ క్లాన్స్ ఆడేవాళ్ల వాట్సాప్ గ్రూపులు నెల మొదట్లో ఒక్కసారిగా వేడెక్కుతాయి. ఫిన్‌లాండ్ సంస్థ సూపర్‌సెల్ 2012లో తెచ్చిన ఈ ఫోన్ ఆటలో ఒక్కో జట్టును క్లాన్ అంటారు. అందులో 50 మంది దాకా ఉండొచ్చు. ఒక లీడర్, కొందరు కో-లీడర్లు, ఎల్డర్లు, మిగతావాళ్లు మెంబర్లు. ఆటలోపల చాట్ ఉన్నా, ఆట మూసేసినప్పుడు కూడా మాట అందాలని చాలా క్లాన్లు బయట ఒక గ్రూపు పెట్టుకుంటాయి. ఆ గ్రూపును నడపడం అసలు ఆటకంటే కష్టమని అడ్మిన్లు త్వరలోనే తెలుసుకుంటారు.

ఇలాంటి గ్రూపుల్లో గొడవలు పైకి నోటి దురుసుతో మొదలైనట్టు కనిపిస్తాయి. కాస్త తవ్వితే అడుగున ఎక్కువసార్లు పంపకమే ఉంటుంది: ఎవరిని ఆడించారు, ఎవరిని కూర్చోబెట్టారు, బహుమతి ఎవరికిచ్చారు. దీన్ని అర్థం చేసుకోవడానికి ప్రతి నెలా జరిగే వార్ లీగ్‌ను మించిన ఉదాహరణ లేదు.

105 అవకాశాలు, 21 మంది

లీగ్‌లో ఎనిమిది క్లాన్లను ఒక గుంపుగా వేస్తారు. మన క్లాన్ మిగతా ఏడింటితో రోజుకొకటి చొప్పున ఏడు యుద్ధాలు చేస్తుంది. ప్రతి యుద్ధంలో ఒక్కొక్కరికి ఒకే ఎటాక్, దానికి గరిష్ఠంగా మూడు స్టార్లు. చివర్లో క్లాన్ స్థానాన్ని బట్టి అందరికీ మెడల్స్ వస్తాయి. అయితే తన వాటా పూర్తిగా దక్కాలంటే ఆటగాడు ఏడు రోజుల్లో కనీసం 8 స్టార్లు తేవాలి. ఇవి కాక క్లాన్ పెద్దలు తాము ఎంచుకున్న కొద్దిమందికి బోనస్ మెడల్స్ ఇస్తారు. ఎంతమందికి ఇవ్వొచ్చన్నది లీగ్ స్థాయిని, గెలుపులను బట్టి ఉంటుంది.

ఒక క్లాన్ 15 మంది చొప్పున ఆడే పద్ధతి ఎంచుకుందనీ, ఆడతామని 21 మంది చేతులెత్తారనీ అనుకుందాం. రోజుకు 15 చొప్పున ఏడు రోజులకు 105 అవకాశాలు. గట్టి ఆటగాళ్లు 15 మందినే రోజూ దించితే గెలిచే అవకాశం ఎక్కువే గానీ, మిగతా ఆరుగురికి ఒక్క స్టారు కూడా దక్కదు. అందరికీ సమానంగా పంచితే తలా ఐదు ఎటాక్‌లు వస్తాయి. ఐదింట్లో 8 స్టార్లు తేవడం మామూలు ఆటగాడికీ సాధ్యమే.

ఇందులో ఏ దారైనా తప్పు కాదు. చెప్పకుండా ఒక దారి పట్టడమే తప్పు. కూర్చోబెట్టిన సంగతి మూడో రోజు తెలిసినవాడికి అది అవమానంగా తోస్తుంది. అదే సంగతి పేర్లు ఇచ్చేముందే తెలిస్తే, ఉండాలో ఈ నెలకు ఇంకో క్లాన్‌కు వెళ్లాలో తనే తేల్చుకుంటాడు. ఒక క్లాన్ తరఫున లీగ్‌లో ఆడితే ఆ నెల మరో క్లాన్ తరఫున ఆడే వీలుండదు గనుక, ఈ మాట ముందే చెప్పడం మర్యాద కోసమే కాదు, అతని నెల వృథా కాకుండా ఉండటానికి కూడా.

సమాన పంపకం చేయాలనుకుంటే ఒక కాగితం చాలు. 21 మందిని ముగ్గురేసి ఏడు జట్లు చేయాలి. రోజుకు రెండు జట్లకు విశ్రాంతి. వారం తిరిగేసరికి ప్రతి జట్టుకూ సరిగ్గా రెండు రోజుల విశ్రాంతి, ఐదు రోజుల ఆట వస్తాయి. పరీక్షలు, ప్రయాణాలు, నైట్ డ్యూటీలు ఉన్న రోజులు ముందే అడిగి విశ్రాంతిని అక్కడ పెడితే సగం తలనొప్పులు తీరిపోతాయి.

కొలవగలిగిన నియమాలు

"అందరూ బాధ్యతగా ఆడాలి" అని రాస్తే దాన్ని ఎవరికి తోచినట్టు వాళ్లు చదువుకుంటారు. తప్పిందో లేదో ఇద్దరు మనుషులు విడివిడిగా చూసినా ఒకే జవాబు రావాలి. అప్పుడే అది నియమం. పై క్లాన్‌కు ఇలాంటివి నాలుగు సరిపోతాయి:

1. చెప్పకుండా ఎటాక్ వదిలేస్తే ఆ నెల బోనస్ ఉండదు. రెండోసారి వదిలేస్తే వచ్చే నెల లీగ్‌లో చోటుండదు.
2. బోనస్‌కు మొదట చూసేది అన్ని ఎటాక్‌లూ చేశాడా అన్నది. తర్వాత స్టార్లు. సమానమైతే తనకంటే పెద్ద టౌన్‌హాల్‌ను కొట్టినవాడికి. కిందటి నెల తీసుకున్నవాళ్లు వరుసలో చివరికి. లీడర్‌కూ ఇదే వరుస.
3. ఆట గురించి ఎంతైనా విమర్శించొచ్చు. మనిషిని, ఇంట్లోవాళ్లను, కులాన్ని, ఊరిని అనకూడదు. హీరోల గొడవలు, రాజకీయాలు ఇక్కడ వద్దు.
4. అకౌంట్ల అమ్మకం, కొనుగోలు, పాస్‌వర్డ్ అడగడం జరిగితే హెచ్చరిక లేకుండా తొలగింపు.

రెండో నియమంలో టౌన్‌హాల్ మాట ఎందుకంటే, ఆటగాడి స్థాయిని చెప్పేది అదే. తనకంటే చిన్నదాన్ని కొట్టి మూడు స్టార్లు తెచ్చినవాడినీ, తనకంటే పెద్దదానితో తలపడి రెండు తెచ్చినవాడినీ ఉత్త అంకెలతో తూస్తే రెండోవాడికి అన్యాయం జరుగుతుంది. నాలుగోది మరీ కఠినంగా కనిపించవచ్చు. అయితే అకౌంట్ల క్రయవిక్రయాలను సూపర్‌సెల్ నిబంధనలే నిషేధించాయి. పైగా మోసపోయేది ఎక్కువగా బడి పిల్లలు. వాట్సాప్ గ్రూపులో అందరి ఫోన్ నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. పిల్లలు ఎక్కువగా ఉన్న క్లాన్ అయితే నంబరు దాచుకునే వీలున్న టెలిగ్రామ్‌కో, నంబరుతో పనే లేని డిస్కార్డ్‌కో మారడం మేలు.

చదివితే పని జరిగే ప్రకటన

"అందరూ ఎటాక్ చేయండి ప్లీజ్" అని రోజుకు పదిసార్లు పెడితే పదకొండోసారికి ఎవరూ చూడరు. ప్రకటనలకు వేరే చోటు కావాలి. వాట్సాప్ కమ్యూనిటీలో అడ్మిన్లు మాత్రమే రాయగలిగే ప్రకటనల గ్రూపు ఉంటుంది. కబుర్లన్నీ మామూలు గ్రూపులో. ప్రకటనల గ్రూపులో రోజుకు ఒకటి, తప్పనిసరైతే రెండు సందేశాలు. ఉదాహరణకు ఇలా:

"వార్ లీగ్ 3వ రోజు. ఎటాక్ గడువు ఈ రాత్రి 9:30 (కువైట్ సాయంత్రం 7:00, డాలస్ ఉదయం 11:00). ఇవాళ విశ్రాంతి 1, 4 జట్లకు. మీ ఎదురు నంబరునే కొట్టండి, మార్చాలనుకుంటే ముందు అడగండి. రేపు ఆడలేనివాళ్లు ఈ రాత్రి 8 లోపు నాకు విడిగా చెప్పండి."

గడువు, ఎవరికి, ఏం చేయాలి, కుదరకపోతే ఎవరికి చెప్పాలి అన్నవన్నీ ఇందులో ఉన్నాయి. రాత్రి 8 అని ఊరికే పెట్టలేదు. ఒక రోజు యుద్ధం జరుగుతుండగానే మర్నాటి యుద్ధానికి సన్నాహం నడుస్తుంటుంది. అది ముగిసి యుద్ధం మొదలయ్యాక పేర్లు మార్చలేం. గంటన్నర ముందు కబురందితే బదులు మనిషిని దించే వ్యవధి ఉంటుంది. విదేశాల్లో ఉన్నవాళ్ల సమయం కూడా మనమే రాయాలి. అమెరికాలో శీతాకాలానికి గడియారం గంట వెనక్కి జరుపుతారు గనుక అప్పుడు డాలస్‌లో గడువు ఉదయం 10:00 అవుతుంది. నవంబరులో పాత సందేశాన్నే కాపీ చేసి పెడితే అక్కడివాళ్లు గంట ఆలస్యంగా వచ్చి, ముగిసిన యుద్ధాన్ని చూస్తారు.

గడువుకు మూడు నాలుగు గంటల ముందు ఇంకా ఎటాక్ చేయనివాళ్లకు విడిగా ఒక్క మాట పంపితే చాలు. పేర్ల జాబితా గ్రూపులో పెడితే గుర్తుచేసినట్టు ఉండదు, పరువు తీసినట్టు ఉంటుంది.

రాత్రి పదింటికి రేగిన గొడవ

ఇంత చేసినా ఒక రాత్రి ఇలా జరుగుతుందనుకుందాం. ఒక్క స్టారుతో ఓడిపోయారు. వరంగల్‌లో చదువుకునే కుర్రాడు ఎటాక్ చేయలేదు. క్లాన్‌లో అందరికంటే పాత ఆటగాడు "నీలాంటివాళ్లను పెట్టుకుంటే ఇంతే" అని గ్రూపులో పెట్టాడు. కుర్రాడు అంతకు రెండింతలు తిట్టాడు. ఇద్దరికీ చెరో ముగ్గురు తోడయ్యారు. ఐదు నిమిషాల్లో మాట ఆట దాటి అభిమాన హీరోల మీదికి పోయింది.

ముందు ఆపాలి. తీర్పు తర్వాత సంగతి. అడ్మిన్ మాత్రమే రాసేలా గ్రూపును మార్చి, "గ్రూపు రేపు ఉదయం 8 దాకా ఆపుతున్నాం. ఇద్దరితోనూ నేను మాట్లాడతాను" అని పెట్టాలి. తెరిచే వేళ చెప్పకుండా మూస్తే, నోరు నొక్కేశారన్న కోపం కూడా తోడవుతుంది. తర్వాత స్క్రీన్‌షాట్లు తీసుకోవాలి, ఆ తర్వాతే తిట్లు తుడిచేయాలి. ఈ వరుస తప్పితే మర్నాడు "నేనలా అనలేదు" అన్నవాడికి చూపించడానికేమీ మిగలదు. ఆటలో ఎవరు ఎటాక్ చేశారో, చేయలేదో చూపే యుద్ధ వివరాలనూ అప్పుడే తీసి ఉంచుకోవాలి.

తర్వాత ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడాలి. కుర్రాడిని "ఎందుకు చేయలేదు?" అని నిలదీస్తే సాకు వస్తుంది. "తమ్ముడూ, నిన్న రాత్రి ఏం జరిగింది?" అంటే సంగతి వస్తుంది. హాస్టల్‌లో డేటా అయిపోయిందన్నాడు. చెప్పడానికి ఫోన్ ఎవరినైనా అడిగి ఉండొచ్చని తనే ఒప్పుకున్నాడు. పెద్దాయనతో, "అన్నా, నీ కోపం న్యాయమే. ఎటాక్ పోయిందన్నంత వరకు ఎవరూ కాదనరు. 'నీలాంటివాళ్లు' అన్న మాటే మూడో నియమం దాటింది" అనాలి. మాటను మనిషి నుంచి వేరుచేసి చూపితే పెద్దరికం ఉన్నవాళ్లు కూడా వెనక్కి తగ్గడానికి దారి దొరుకుతుంది.

ఉదయం 8కి ఒకే ఒక్క ప్రకటన: "చెప్పకుండా ఎటాక్ వదిలినందుకు 1వ నియమం ప్రకారం ఒకరికి ఈ నెల బోనస్ లేదు. వ్యక్తిగత మాటలకు 3వ నియమం ప్రకారం ఇద్దరికీ మొదటి హెచ్చరిక. అభ్యంతరం ఉంటే ఇందులో కలగజేసుకోని కో-లీడర్‌కు రెండు రోజుల్లో చెప్పండి." అందులో ఎవరి వాదనా మళ్లీ తోడలేదు. గ్రూపు తెరిచాక కూడా ఎవరైనా ఆ విషయం ఎత్తితే, చర్చను కో-లీడర్ దగ్గరికే పంపాలి.

కోపంలో చేయకూడని పని లీగ్ మధ్యలో క్లాన్ నుంచి తోసేయడం. ఆ ఆటగాడికి ఆ నెల వేరే చోటుండదు. మోసం, బెదిరింపు, పిల్లలను వేధించడం లాంటివైతే తప్ప, తొలగింపు లీగ్ ముగిశాకే.

పదవులు ఇచ్చే ముందు

బాగా ఆడాడని కో-లీడర్ పదవి ఇచ్చేస్తుంటారు. ఆ పదవితో ఎల్డర్లను, మెంబర్లను బయటికి పంపే అధికారం కూడా వెళ్తుంది. అలిగిన ఒక్క కో-లీడర్ ఒక రాత్రిలో క్లాన్‌ను ఖాళీ చేయగలడు. అందుకే రెండు మూడు పదవులకు మించకుండా, గొడవల్లో నోరు అదుపులో పెట్టుకున్నవాళ్లకే ఇవ్వాలి. ఆటతీరుకు బోనస్ మెడల్స్ ఉన్నాయి. గ్రూపులో ఎవరో పెట్టిన పోస్టుకు అడ్మిన్‌ జైలుకు పోవాలేమోనన్న భయం కూడా చాలామందికి ఉంటుంది. సభ్యులు పెట్టే అభ్యంతరకరమైన పోస్టులకు అడ్మిన్ అయినంత మాత్రాన బాధ్యుడు కాడని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. అంతమాత్రాన చూసీ చూడనట్టు వదిలేయమని కాదు.

కొన్ని తగువులు ఏ నియమంతోనూ తీరవు. గెలుపే కావాలనేవాళ్లు, సరదాకి ఆడేవాళ్లు నెలల తరబడి ఒకే క్లాన్‌లో ఒకరినొకరు సాధిస్తుంటే తప్పు ఎవరిదని వెతకడం దండగ. అనుబంధంగా రెండో క్లాన్ పెట్టి, గెలుపు కోరేవాళ్లను ఒకదాంట్లో గట్టి 15 మందితోనూ, మిగతావాళ్లను రెండోదాంట్లో వంతులవారీగానూ ఆడించడం చాలాచోట్ల ఉన్న పద్ధతే. కబుర్ల గ్రూపు ఒక్కటే ఉంచుకోవచ్చు. స్నేహం అక్కడ సాగుతుంది, లెక్కలు ఎవరివి వాళ్లకుంటాయి.